ఏడాదిన్నరగా సమీక్షలోనే ఉన్న వ్యాసాన్ని పత్రిక నుండి మర్యాదగా వెనక్కి తీసుకోవడం ఎలా?

పరిశోధన పత్రికకు పంపిన వ్యాసం నెలల తరబడి కదలకపోతే మన పిల్లలు సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. నోరు మెదపకుండా కూర్చుంటారు, లేదంటే సంపాదకులకు ఏమీ చెప్పకుండా అదే వ్యాసాన్ని ఇంకో పత్రికకు పంపేస్తారు. నా తొలి రోజుల్లో నేను రెండో పని చేశాను. మొదటి పత్రిక నుండి ఏడాదిపాటు జవాబు లేకపోవడంతో వాళ్లు వద్దనుకున్నారని నాకు నేనే తీర్మానించుకుని, రెండో పత్రికకు పంపాను. అక్కడ అచ్చయిన రెండు నెలలకు మొదటి పత్రిక కూడా నాకు మాట మాత్రం చెప్పకుండా అదే వ్యాసాన్ని తన సంచికలో వేసింది. ఒకే వ్యాసం రెండు చోట్ల కనిపించింది కాబట్టి తప్పు నాదైంది. ఇద్దరు సంపాదకులకూ క్షమాపణ రాసి, ఒక చోట వ్యాసాన్ని రద్దు చేయించుకోవలసి వచ్చింది. అందువల్ల ఈ పనిలో ఒక్క విషయాన్ని మనసులో గట్టిగా పెట్టుకోండి. మీరు ఉత్తరం పంపినంత మాత్రాన ఉపసంహరణ పూర్తి కాదు, వ్యాసం తమ పరిశీలనలో లేదని సంపాదకులు రాతపూర్వకంగా చెప్పినప్పుడే పూర్తవుతుంది. కింద చెప్పే ప్రతి మెట్టూ ఆ ఒక్క వాక్యాన్ని రాబట్టడం కోసమే.

మెట్లను వివరించడానికి మా కళాశాలలో ఇటీవల జరిగిన ఒక సంగతిని తీసుకుంటాను. కావలి నుండి వచ్చి తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్న ఒక విద్యార్థిని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల ఊరిపేర్ల మీద ఒక వ్యాసం రాసింది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా ప్రచురించిన నెల్లూరు జిల్లా శాసనాలు దానికి ప్రధాన ఆధారం. 2023 నవంబర్ 14న ఆ వ్యాసాన్ని ఒక తెలుగు పరిశోధన పత్రికకు వెబ్‌సైట్ ద్వారా సమర్పించింది. రెండు రోజుల్లో వ్యాస సంఖ్యతో రసీదు మెయిల్ వచ్చింది. ఆ తరువాత ఏమీ లేదు. 2025 మే నెలలో ఆమె నా దగ్గరికి వచ్చేనాటికి దాదాపు 18 నెలలు గడిచాయి.

మొదటి మెట్టు, వ్యాసం ఇప్పుడు ఏ దశలో ఉందో తెలుసుకోవడం. వెనక్కి తీసుకోవడం సరైన పనో కాదో దీన్ని బట్టే తేలుతుంది. మన దేశంలోని విశ్వవిద్యాలయ పత్రికలు ఎన్నో ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నాయి. మీ పత్రిక కూడా అలాంటిదే అయితే లాగిన్ అయి, మీ వ్యాసం తెరిచి, `Review` అనే భాగంలో స్టేటస్ చూడండి. అక్కడ `Waiting for reviewers` అని ఉంటే సమీక్షకులను ఇంకా ఎవరినీ నియమించలేదని అర్థం. `Awaiting responses from reviewers` అని ఉంటే వ్యాసం ఎవరికో ఒకరికి అప్పగించారు, వారి జవాబు కోసం చూస్తున్నారు. ఈ రెండింటి మధ్య ఎంతో తేడా ఉంది. ఒక సమీక్ష వచ్చేసి, రెండోది రావలసి ఉన్న దశలో వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటే కొత్త పత్రికలో మళ్లీ మొదటి నుండి ఎదురుచూడాలి. అలాంటప్పుడు ఇంకో నెల ఆగడమే లాభమని నా అభిప్రాయం. మా విద్యార్థిని వ్యాసానికి మాత్రం 18 నెలల తరువాత కూడా మొదటి స్టేటసే కనిపించింది. అంటే ఆ స్టేటస్ ప్రకారం ఆ వ్యాసం అప్పటిదాకా ఏ సమీక్షకుడి చేతికీ వెళ్లలేదు.

తెర మీద కనిపించేదాన్ని మాత్రమే నమ్మవద్దు, ఎందుకంటే కొందరు సంపాదకులు సమీక్షకులకు వ్యాసాన్ని విడిగా మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపి, వెబ్‌సైట్‌లో ఏమీ మార్చరు. కాబట్టి రెండో మెట్టుగా, ఉపసంహరణ అనే మాట ఎత్తకుండా ఒక విచారణ ఉత్తరం రాయాలి. అందులో వ్యాస సంఖ్య, సమర్పించిన తేదీ చెప్పి, సమీక్ష ఎంతవరకు వచ్చిందని, నిర్ణయం సుమారుగా ఎప్పటికి తెలియవచ్చని అడిగితే చాలు. మూడు వారాలు ఆగండి. జవాబు రాకపోతే ఇంకోసారి రాయండి. మా విద్యార్థిని 2024 జూన్‌లో రాసిన ఉత్తరానికి ‘సమీక్షలో ఉంది’ అని రెండు మాటల జవాబు వచ్చింది, 2025 జనవరిలో రాసినదానికి అది కూడా రాలేదు. ఈ రెండు ఉత్తరాలను ఆమె భద్రంగా ఉంచుకోవడం తరువాత బాగా ఉపయోగపడింది. ముందు అడిగి, ఆగి, ఆ తరువాతే వెనక్కి తీసుకున్న రచయితను ఏ సంపాదకుడూ తప్పుపట్టలేడు.

మూడో మెట్టు, ఉత్తరం రాయకముందే ఇంట్లో చక్కబెట్టుకోవలసిన పనులు. వ్యాసం మీద గైడ్ పేరో, ఇంకొక సహరచయిత పేరో ఉంటే వారందరి సమ్మతిని నోటి మాటగా కాకుండా మెయిల్‌లోనే తీసుకోండి. ఒక రచయిత ఉపసంహరించుకుంటున్నానని, ఇంకో రచయిత అలాంటిదేమీ లేదని రాస్తే సంపాదకులు ఏ నిర్ణయమూ తీసుకోలేక పక్కన పెట్టేస్తారు. ఇక సమర్పించిన రోజున మీరు ఏయే పత్రాల మీద సంతకం చేశారో వెతికి చూడండి. కాపీరైట్ బదిలీ పత్రాన్ని చాలా పత్రికలు ఆమోదం తరువాతే అడుగుతాయి కానీ కొన్ని మొదట్లోనే తీసుకుంటాయి. అలా ఇచ్చి ఉంటే దాన్ని రద్దు చేసి హక్కును తిరిగి ఇస్తున్నట్టు కూడా సంపాదకుల చేత రాయించుకోవాలి. రుసుము ఏదైనా కట్టి ఉంటే రసీదు తీసి పెట్టుకోండి. పత్రిక నియమాల పేజీలో ఉపసంహరణ గురించి ఏముందో చదివి, ఆ పేజీని ఆ రోజే పీడీఎఫ్‌గా దాచుకోండి. వెనక్కి తీసుకోవాలంటే వేలల్లో రుసుము కట్టాలని కొన్ని పత్రికలు అడుగుతాయి. సమర్పించేనాటి నియమాల్లో లేని రుసుమును, సమీక్షే జరగని వ్యాసానికి అడగడం న్యాయం కాదు. తొందరపడి కట్టకుండా, ఆ నియమం ఎక్కడ ఉందో చూపించమని మర్యాదగా రాయండి.

నాలుగో మెట్టు అసలు ఉత్తరం. మా విద్యార్థిని రాసుకొచ్చిన మొదటి చిత్తులో ఈ వాక్యం ఉంది: ‘ఈ నెలాఖరులోగా నిర్ణయం తెలపకపోతే నా వ్యాసాన్ని ఉపసంహరించుకోవాలని అనుకుంటున్నాను.’ చదవడానికి వినయంగానే ఉంది కానీ దీనివల్ల పని జరగదు. ‘తెలపకపోతే’ అన్నప్పుడు అది బేరమవుతుంది, సంపాదకులు సమీక్ష లేకుండానే వచ్చే సంచికలో వేసేస్తామని అనవచ్చు. ‘అనుకుంటున్నాను’ అన్నప్పుడు అది ఆలోచన మాత్రమే అవుతుంది, ‘కొంచెం ఆగండి’ అనే జవాబుకు మనమే చోటిచ్చినట్టవుతుంది. ‘ఉపసంహరించుకోవడానికి అనుమతించగలరు’ అని రాయడం కూడా సరికాదు, ఎందుకంటే ఆమోదం పొందని, హక్కులు బదిలీ కాని వ్యాసం రచయితదే, దానికి అనుమతి అక్కరలేదు. ‘ఉపసంహరించుకుంటున్నాను’ అనే మాట మొదటి వాక్యంలోనే ఉండాలి. నమోదు చేయమని, ధ్రువీకరణ పంపమని కోరేటప్పుడు మాత్రం ‘దయచేసి’, ‘కోరుతున్నాను’ వంటి మాటలు వాడాలి. నిర్ణయం తెలిపే చోట స్పష్టత, సహాయం కోరే చోట వినయం ఉంటే ఉత్తరం కుదిరినట్టే.

అదే చిత్తులో ‘మీ నిర్లక్ష్యం వల్ల నా ఏడాదిన్నర వృథా అయింది’ అని ఇంకో వాక్యం ఉంది. ఆ అమ్మాయి బాధ నిజమే. కానీ మన పత్రికలకు సంపాదకులు ఎక్కువమంది పాఠాలు చెప్పుకుంటూ, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, జీతం లేకుండా ఈ పని చేసేవారే. శాసనాల మీద రాసిన వ్యాసాన్ని చదివి చెప్పగలిగిన సమీక్షకులు రాష్ట్రం మొత్తంలో కొద్దిమందే ఉంటారు. పైగా ఆరోపణ ఉన్న ఉత్తరానికి సంజాయిషీ రాయాలనిపిస్తుంది, సంజాయిషీ రాయడానికి తీరిక కావాలి, తీరిక దొరికేదాకా ఉత్తరం అలాగే ఉండిపోతుంది. మనకు కావలసింది ఒక్క వాక్యపు జవాబు కాబట్టి ఆలస్యాన్ని తేదీలతో చెప్పి, విశేషణాలు లేకుండా వదిలేయడం మంచిది. ‘తమరి పాదపద్మములకు’ ధోరణి కూడా వద్దు. ‘మీరు’, ‘గారు’ సరిపోతాయి. చివరికి మేము పంపిన ఉత్తరం ఇది:

> విషయం: వ్యాస ఉపసంహరణ – వ్యాస సంఖ్య 318
>
> గౌరవనీయులైన సంపాదకుల గారికి నమస్కారములు.
>
> 2023 నవంబర్ 14న మీ పత్రికకు సమర్పించిన ‘ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల ఊరిపేర్లు: శాసనాల సాక్ష్యం’ అనే వ్యాసాన్ని (సంఖ్య 318) మీ పరిశీలన నుండి ఉపసంహరించుకుంటున్నాను. సహరచయిత, నా పర్యవేక్షకులు అయిన ఆచార్యుల వారికి ఈ నిర్ణయం సమ్మతమే. ఈ ఉత్తరం ప్రతిని వారికి కూడా పంపుతున్నాను.
>
> వ్యాసం సమర్పించి 18 నెలలు కావస్తున్నది. 2024 జూన్‌లో, 2025 జనవరిలో సమీక్ష వివరాలు కోరుతూ రాశాను. నా సిద్ధాంత గ్రంథాన్ని ఈ సంవత్సరం సెప్టెంబర్‌లో సమర్పించవలసి ఉన్నందున ఇంకా వేచి ఉండే వీలు లేకపోయింది. ఈ విషయాలకు తగిన సమీక్షకులు దొరకడంలోని ఇబ్బందిని నేను అర్థం చేసుకోగలను.
>
> వ్యాసానికి ఇంకా ఆమోదం లభించలేదు, కాపీరైట్ పత్రం మీద నేను సంతకం చేయలేదు. దయచేసి దీన్ని రచయిత కోరిక మేరకు ఉపసంహరించినట్టు నమోదు చేసి, వ్యాసం మీ పత్రిక పరిశీలనలో లేదని తెలుపుతూ ఒక్క వాక్యం జవాబుగా పంపవలసిందిగా కోరుతున్నాను. మీ జవాబు అందేవరకు ఈ వ్యాసాన్ని మరొక పత్రికకు పంపను. సమీక్షకుల అభిప్రాయాలు ఇప్పటికే ఏవైనా అంది ఉంటే, వాటిని పంపగలిగితే ఎంతో మేలు చేసినవారవుతారు.
>
> మీరు వెచ్చించిన సమయానికి కృతజ్ఞతలతో,
>
> (పేరు, పరిశోధక విద్యార్థిని, విభాగం, చిరునామా, ఫోన్ నంబరు)

ఇందులో ‘మీ జవాబు అందేవరకు మరొక పత్రికకు పంపను’ అనే వాక్యం గురించి ఒక మాట చెప్పాలి. ఇది చేతులు కట్టేసుకోవడం కాదా అని విద్యార్థిని అడిగింది. కాదు. జవాబు ఆలస్యమైతే ఒక విద్యార్థిని పని ఆగిపోతుందని సంపాదకులకు నిష్ఠూరం లేకుండా తెలియజేసేది ఈ వాక్యమే. సిద్ధాంత గ్రంథం ప్రస్తావన కూడా అందుకే ఉంది. యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి ప్రచురణ తప్పనిసరి అని లేకపోయినా, విభాగాల్లో, తరువాత ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో అచ్చయిన వ్యాసం అడుగుతూనే ఉన్నారు, కనుక అది నిజమైన కారణమే. నిజం కాని కారణం మాత్రం రాయవద్దు. ‘దత్తాంశంలో పొరపాటు దొరికింది’ అని రాసి, నెల తిరగకుండా అదే వ్యాసాన్ని ఇంకోచోట ప్రచురిస్తే మీ మాటకు విలువ ఉండదు.

పత్రిక ఇంగ్లీషుదైనా వరుస ఇదే: నిర్ణయం, సహరచయితల సమ్మతి, తేదీలు, కారణం, ధ్రువీకరణ కోసం అభ్యర్థన. మెయిల్ విషయ పంక్తి ఇలా ఉంటే కార్యాలయంలో ఎవరు తెరిచినా వెంటనే అర్థమవుతుంది:

```
Withdrawal of manuscript – ID 318
```

ఐదో మెట్టు పంపే పద్ధతి. వ్యాసాన్ని ఏ మెయిల్ నుండి సమర్పించారో అదే మెయిల్ నుండి, సహరచయితలందరికీ ప్రతి పెట్టి పంపండి. ఓపెన్ జర్నల్ సిస్టమ్స్‌లో సమీక్ష దశలో ఉన్న వ్యాసాన్ని రచయిత తనంతట తాను తీసేసే బటన్ సాధారణంగా కనిపించదు. అందుకని `Review Discussions` దగ్గర `Add discussion` నొక్కి ఇదే ఉత్తరాన్ని అక్కడ కూడా పెట్టాలి. మెయిల్ స్పామ్‌లో పడిపోయినా, సంపాదకులు మారిపోయినా, అక్కడ పెట్టినది వ్యాసంతో పాటే ఉంటుంది. పెద్ద ప్రచురణ సంస్థల పత్రికల్లో ఒక్కోచోట వెబ్‌సైట్‌లోనే ఉపసంహరణ లింకు ఇస్తారు. అది ఉంటే వాడండి, అయినా ఉత్తరం మానవద్దు.

మా ఉత్తరం 2025 మే 12న వెళ్లింది. మూడో రోజున జవాబు మెయిల్ రాలేదు కానీ ఫోన్ వచ్చింది. ‘ఎందుకమ్మా తొందర, వచ్చే సంచికలో వేసేస్తాం కదా’ అని సంపాదకులు ఎంతో ఆప్యాయంగా అన్నారు. ఇలాంటప్పుడు పెద్దవారి మాట కాదనలేక సరేనండీ అనేయడం మనవాళ్లకు అలవాటు. అలా అనకండి, అలాగని ఫోన్‌లో వాదించకండి కూడా. ‘చాలా సంతోషం సార్, మా గైడ్ గారితో మాట్లాడి మెయిల్ రాస్తాను’ అని చెప్పి పెట్టేయండి. ఆ తరువాత నిదానంగా ఆలోచించుకోండి. సమీక్షలు వచ్చి ఉండి, ఆమోద పత్రం తేదీతో సహా ఇస్తామంటే ఆగడం తప్పు కాదు. మా విద్యార్థిని విషయంలో సమీక్షే జరగలేదు, చదవకుండా అచ్చువేసిన వ్యాసం శాసనాల పాఠాల్లో తప్పులతో సహా ఆమె పేరు మీద నిలిచిపోతుంది. అందువల్ల అదే సాయంత్రం, ఫోన్ చేసినందుకు కృతజ్ఞతలు చెబుతూ, మే 12 నాటి ఉపసంహరణ నిర్ణయంలో మార్పు లేదని, వ్యాసాన్ని ఏ సంచికలోనూ చేర్చవద్దని నాలుగు వాక్యాల మెయిల్ పంపింది. ఫోన్‌లో జరిగిన మాటను రాతలోకి తేవడం తప్పనిసరి. ఇది చేయకపోతే ఆ వ్యాసం తరువాతి సంచికలో వచ్చేసేదే.

రెండు వారాలకు జవాబు రాకపోతే, పాత ఉత్తరాన్ని జతచేసి రెండు వాక్యాలతో గుర్తుచేయండి. ఇంకో రెండు వారాలు చూసి ప్రధాన సంపాదకులకు, ఆ తరువాత పత్రికను నడిపే విభాగానికో ప్రచురణకర్తకో రాయండి. పాత తేదీలన్నీ ఒకే చోట కనిపించేలా రాస్తే, కొత్తగా చదివేవారికి కథంతా చెప్పే పని ఉండదు. పత్రిక సి.ఓ.పి.ఇ. అనే ప్రచురణ నైతికతా సంఘంలో సభ్యత్వం కలదైతే అక్కడ కూడా ఫిర్యాదు చేయవచ్చు, అయితే ముందుగా పత్రిక సొంత ఫిర్యాదు మార్గాన్ని పూర్తిగా వాడి ఉండాలి. ఉపసంహరణ నిర్ధారణ కోసం అంతవరకు పోవలసిన అవసరం నాకు ఎన్నడూ రాలేదు.

మాకు జూన్ 9న, ఒకసారి గుర్తుచేసిన తరువాత, జవాబు వచ్చింది. కానీ వెబ్‌సైట్‌లో చూస్తే వ్యాసం ఎదురుగా `Declined` అని ఉంది. అది చూసి ఆ అమ్మాయి కంట నీళ్లు పెట్టుకుంది, తన వ్యాసాన్ని తిరస్కరించారనుకుంది. నిజానికి ఆ సాఫ్ట్‌వేర్‌లో వ్యాసాన్ని పరిశీలన నుండి తప్పించడానికి సంపాదకులు వాడే మామూలు మార్గం `Decline Submission` అనే బటనే. ఉపసంహరణ అయినా, తిరస్కరణ అయినా బయటికి ఒకేలా కనిపిస్తుంది. అందుకే మెయిల్‌లో ఏం రాశారన్నది ముఖ్యం. వచ్చిన జవాబులో ‘మీ వ్యాసాన్ని తొలగించాము’ అని మాత్రమే ఉంటే, ‘రచయిత కోరిక మేరకు’ అనే మాట చేర్చి ఇంకోసారి పంపమని అడగండి. మేము అడిగాం, మరునాడే పంపారు.

ఆ మెయిల్‌ను పీడీఎఫ్‌గా దాచి గైడ్‌కు కూడా పంపాక, కొత్త పత్రికకు వ్యాసం పంపవచ్చు. పాత పత్రిక పేరు, వ్యాస సంఖ్య ఫైలు పైభాగంలోనో ఫైలు పేరులోనో మిగిలిపోకుండా చూసుకోండి. పాత పత్రిక వ్యాసాన్ని ప్లేజియరిజం తనిఖీ చేసినప్పుడు ఆ ప్రతి సాఫ్ట్‌వేర్ భాండారంలో చేరిపోయి ఉంటే, కొత్త పత్రిక తనిఖీలో నూటికి తొంభై శాతానికి పైగా పోలిక చూపించవచ్చు. మా విద్యార్థిని కవరింగ్ లెటర్‌లో ముందుగానే ‘ఈ వ్యాసాన్ని గతంలో మరొక పత్రికకు సమర్పించి, సమీక్షకు ముందే 2025 జూన్‌లో ఉపసంహరించుకున్నాను, సంపాదకుల ధ్రువీకరణ జతచేశాను’ అని ఒక వాక్యం రాసి, ఆ పీడీఎఫ్‌ను వ్యాసంతో పాటే అప్‌లోడ్ చేసింది.